డ్రాయింగ్ తెరుచుకోలేదు, కానీ రివ్యూ ఆగకూడదు: షాఫ్ట్ కొలతలు మాటల్లో పంపడం

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ కన్వేయర్ షాఫ్ట్ విజయనగరం లేత్ షాపులో చేయించాలి, విశాఖలో ఉన్న ఇంజనీరు గారు చూసి సరే అనాలి. ఈలోగా ఆయన్నుంచి ఫోను: "ఫైల్లో బోర్డరు తప్ప ఏమీ లేదండీ."

సమస్య: షీటు ఉంది, బొమ్మ లేదు

చాలాసార్లు కారణం ఒకటే, క్యాడ్‌లో డ్రాయింగ్ ఫైలు ఒకటి పంపి అది చూసుకునే పార్ట్ ఫైలు పంపలేదు. పీడీఎఫ్ తీసి పంపితే అయిపోతుంది. క్యాడ్ ఉన్న మనిషి సోమవారం దాకా రాడంటే మాత్రం చేతిలో ఉన్న పాత ప్రింటు చూసి మాటల్లో పంపాలి, ఇలాగ:

"ఎడమ చివరి ఫేస్ సున్నా. 0 నుంచి 18 వరకు Ø30 k6, 6206 బేరింగ్ సీటు. 18 నుంచి 182 వరకు Ø36. 182 నుంచి 200 వరకు మళ్లీ Ø30 k6. 200 నుంచి 240 వరకు Ø25 h6, పుల్లీ ఇక్కడ. అన్నీ మిల్లీమీటర్లు."

సమస్య: "ఫిట్ ఏమిటి?" అని తిరిగి అడుగుతున్నారు

30 అని ఊరికే రాస్తే బేరింగ్ బిగుతుగా కూర్చుంటుందో వదులుగా తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? k6 అంటే 30.002 నుంచి 30.015, ఆ రెండు అంకెలూ కూడా రాసేయండి, ఫోన్లో k6 కాస్తా h6 అని వినిపించినా పట్టుబడుతుంది. భుజం దగ్గర మూల రేడియస్ కూడా చెప్పాలి. 6206కి అది 1 మి.మీ. దాటితే బేరింగ్ భుజానికి ఆనదు.

ప్రింటు చిరిగిపోయిన చోట పాత షాఫ్ట్‌ని మైక్రోమీటరుతో కొలిచి 29.97 అని రాస్తారు కొందరు. అది అరిగిన కొలత, డిజైన్ కొలత కాదు. పక్కన "పాత ముక్క మీద కొలిచింది" అని రాయకపోతే రివ్యూ అంతా తప్పుదారి పడుతుంది.

సమస్య: రెండు భుజాల మధ్య దూరం లెక్క తేలడం లేదు

దీని మీద కాస్త ఆగాలి. 18, 182 రెండిటికీ సున్నా నుంచి ±0.1 ఇచ్చారనుకోండి, మధ్యలో 164 మాత్రం ±0.2 అయిపోతుంది, ఒకటి తక్కువకీ ఇంకొకటి ఎక్కువకీ పోతే అంతే కదా. ప్రింటులో 164 ±0.1 అని నేరుగా ఉంటే అలాగే పంపండి, మీరు సున్నా నుంచి మార్చి రాస్తే టాలరెన్సే మారిపోయినట్టు.

సమస్య: కీవే ఎటు ఉందో తెలియడం లేదు

"టాప్ వ్యూ" అంటే చాలదు, ఎక్కడ నిలబడి చూస్తున్నారో చెప్పాలి. "పుల్లీ చివర కుడిచేతి వైపు, కీవే పైకి కనిపిస్తోంది. 204 నుంచి 236 వరకు, వెడల్పు 8, లోతు 4. 220 దగ్గర అడ్డంగా కోస్తే కీవే అడుగు నుంచి ఎదుటి అంచుకి 21." లేత్ దగ్గర కొలిచేది ఆ 21నే.

పంపాక ఆయన్ని చేత్తో స్కెచ్ గీసి ఫొటో పెట్టమనండి. మీ ప్రింటు పక్కన పెట్టి చూస్తే ఏ మాట అర్థం కాలేదో అక్కడే తెలుస్తుంది. ఇదంతా రివ్యూ వరకే, రివిజన్ నంబరు, సంతకం ఉన్న డ్రాయింగ్ చేతికి రాకుండా రాడ్డు లేత్ మీద ఎక్కించొద్దు.