ఈఆర్‌పీ ఇంటర్వ్యూ పాఠాలు – 4: వచ్చింది 80, బిల్లు 100

100కి ఆర్డర్ ఇస్తే సరుకు 80 వచ్చి, బిల్లు 100కి వస్తే ఏం చేస్తారని పోయిన పాఠంలో అడిగాను. జవాబు రాసినవాళ్లలో చాలామంది ఒకేచోట తప్పటడుగు వేశారు. పీఓ అనే కొనుగోలు ఆర్డర్, సరుకు రసీదు, బిల్లు మూడూ సరిపోలాలని అందరూ సరిగ్గానే రాశారు, అది మళ్లీ చెప్పను. సరిపోలకపోతే ఏం చేస్తారంటే మాత్రం ఎక్కువమంది 'MR11 రన్ చేస్తాం' అన్నారు. సరుకు రసీదుకీ బిల్లుకీ మధ్య ఉండే GR/IR అకౌంటులో మిగిలిన తేడాని కొట్టేసే ట్రాన్సాక్షన్ అది. ఇంటర్వ్యూలో ఆ మాట అంటే మీరు అకౌంటు చూడలేదని ఎదుటివాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

అదే కేసు ఎస్‌ఏపీలో లెక్కతో చూద్దాం. పరవాడలోని ఒక మందుల ఫ్యాక్టరీ గాజువాక ఆటోనగర్ వెండర్‌కి 100 బేరింగులకు పీఓ ఇచ్చింది. ఒక్కోటి రూ.500. స్టోర్‌కి 80 చేరాయి, బిల్లు మాత్రం 100కి వచ్చింది. జీఎస్టీ పక్కన పెట్టండి.

MIGOలో 80 రిసీవ్ చేయగానే స్టాక్ డెబిట్ రూ.40,000, GR/IR క్రెడిట్ రూ.40,000. MIROలో బిల్లు ఎక్కిస్తే GR/IR డెబిట్ రూ.50,000, వెండర్ క్రెడిట్ రూ.50,000. తేడా టాలరెన్స్ దాటింది కాబట్టి బిల్లు పోస్ట్ అవుతుంది గానీ పేమెంట్‌కి బ్లాక్ అవుతుంది. GR/IRలో రూ.10,000 డెబిట్ మిగిలింది. అంటే బిల్లు పడింది, సరుకు రాలేదు.

ఇప్పుడు MR11 నొక్కితే ఏమవుతుంది? GR/IR సున్నా అవుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ రూ.10,000 ఎక్కడికో వెళ్లాలి కదా. మెటీరియల్ మూవింగ్ యావరేజ్ ధరలో ఉండి, ఆ 80 ఇంకా స్టోర్‌లోనే ఉంటే, అది స్టాక్ మీద పడుతుంది. పాత స్టాక్ లేదనుకుంటే 80 బేరింగుల విలువ రూ.50,000, ఒక్కోటి రూ.625. రాని 20 బేరింగుల ఖర్చు వచ్చిన 80 మోస్తున్నాయి. వెండర్ ఖాతాలో మాత్రం పూర్తి రూ.50,000 బాకీ అలాగే ఉంది!

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి: "ముందు ME23Nలో పీఓ హిస్టరీ చూస్తానండి. తర్వాత స్టోర్‌ని అడుగుతాను, 100 వచ్చి 80 ఎక్కించారా, నిజంగానే 80 వచ్చాయా అని. ఎంట్రీ తప్పయినా, మిగతా 20 తర్వాత వచ్చినా, ఆ 20కి MIGO చేయిస్తే GR/IR సరిపోతుంది. అప్పుడు MRBRలో బిల్లు రిలీజ్ చేస్తారు. ఇక రావని తేలితే వెండర్ నుంచి 20కి క్రెడిట్ నోట్ తెప్పించి, MIROలో క్రెడిట్ మెమోగా వేయిస్తాను."

సబ్సీక్వెంట్ క్రెడిట్ అనకండి. అది విలువనే మారుస్తుంది, బిల్లయిన సంఖ్య 100 దగ్గరే ఉండిపోతుంది. నేనైతే జవాబు ఎప్పుడూ స్టోర్‌తోనే మొదలుపెట్టమంటాను. ట్రాన్సాక్షన్ కోడ్ మర్చిపోయినా ఫర్వాలేదు, స్టోర్‌ని అడగడం మర్చిపోకూడదు.

సాధన: ఇదే మెటీరియల్‌కి స్టాండర్డ్ ధర రూ.480 అనుకోండి. రసీదు, బిల్లు, క్రెడిట్ మెమో, మూడు ఎంట్రీలూ కాగితం మీద వేసి, GR/IR సున్నా అయిందో లేదో చూడండి. తర్వాత కాగితం మూసి, రెండు నిమిషాల్లో పైకి చెప్పండి.