మాత్రల స్ట్రిప్ ఫొటో చదవడం: అక్షరాలు ఎక్కడ తప్పుతాయి, మోతాదు దగ్గర ఎందుకు ఆగాలి

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు వాట్సాప్‌లో స్ట్రిప్ ఫొటో పంపి, "ఇదేం మందు? ఎన్ని వేసుకోవాలి?" అని అడగడం హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకూ డాలస్‌లో ఉన్నవాళ్లకూ అలవాటైన పనే. మొదటి ప్రశ్నకు జవాబు స్ట్రిప్ మీద ఉంటుంది, ఫొటో బాగుంటే చదివి చెప్పొచ్చు. రెండో ప్రశ్నకు జవాబు అక్కడ అచ్చయి ఉండదు. ఎక్కువ పొరపాట్లు జరిగేది మొదటిది చదివేసి రెండోది ఊహించి చెప్పినప్పుడే.

సమస్య: ఫొటోలో మెరుపే ఉంది, అక్షరాలు లేవు

స్ట్రిప్ వెనక ఉన్న అల్యూమినియం రేకు వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది. ఫ్లాష్ వేసి ఎదురుగా తీస్తే ఆ వెలుగంతా తిరిగి కెమెరాలోకే వచ్చి, సరిగ్గా పేరున్న చోట తెల్లటి మచ్చ పడుతుంది. ఫ్లాష్ ఆపేయమని చెప్పండి. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ముదురు రంగు గుడ్డ మీద స్ట్రిప్‌ను చదునుగా పెట్టాలి. మెరుపు ఇంకా మిగిలితే ఫోన్‌ను కొంచెం పక్కకు వంచి ఇంకో ఫొటో తీయాలి. మొదటి దాంట్లో మాసిపోయిన అక్షరాలు రెండో దాంట్లో కనబడతాయి, రెండూ కలిపి చదువుకోవచ్చు.

బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ కొన్ని స్ట్రిప్‌ల మీద సిరాతో ఉండవు, చివర అంచులో అచ్చుగుద్ది ఉంటాయి. వాటికి ఈ మెత్తటి వెలుగు పనికిరాదు. గది కాస్త చీకటి చేసి, ఇంకో ఫోన్ టార్చిని స్ట్రిప్ పక్కన దాదాపు బల్లకు ఆనించి పట్టుకుంటే, గుద్దిన అంకెల పక్కన నీడ పడి స్పష్టంగా కనబడతాయి.

సమస్య: వెలుగు బాగానే ఉంది, అక్షరాలు మసకగా ఉన్నాయి

దీనికి కారణాలు రెండు. ఒకటి, అక్షరాలు చిన్నవి కదా అని ఫోన్‌ను మరీ దగ్గరగా పెట్టడం. మామూలు ఫోన్ కెమెరా అంత దగ్గర వస్తువును స్పష్టంగా పట్టుకోలేదు. జానెడు దూరం నుంచి, రెండు రెట్లు జూమ్ చేసి, తెర మీద అక్షరాలున్న చోట వేలితో ఒకసారి తాకి, అప్పుడు తీయాలి. రెండోది, తీసినవాళ్ల ఫోన్‌లో ఫొటో బాగానే ఉండి మీ దగ్గరికి వచ్చేసరికి పాడవడం. వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోను కుదిస్తుంది, చిన్న అక్షరాల అంచులు అక్కడే కరిగిపోతాయి. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా జతచేసి పంపమనండి, కుదింపు లేకుండా వస్తుంది.

సమస్య: స్ట్రిప్ సగమే ఉంది

మన దగ్గర పది మాత్రల స్ట్రిప్‌లోంచి నాలుగు కత్తిరించి ఇవ్వడం మామూలే. మందు పేరు చాలా స్ట్రిప్‌ల మీద మళ్లీ మళ్లీ అచ్చయి ఉంటుంది కాబట్టి ముక్క మీద కూడా దొరకవచ్చు. బ్యాచ్, ఎక్స్‌పైరీ మాత్రం సాధారణంగా ఒక చివరే ఉంటాయి, అవి షాపులో ఉండిపోయిన ముక్కతో పోతాయి. అలాంటప్పుడు బిల్లు ఫొటో అడగండి, దాని మీద మందు పేరుతోపాటు బ్యాచ్ నంబరు ఉండాలి, ఎక్స్‌పైరీ కూడా చాలావాటి మీద ఉంటుంది. ముక్క మీద పేరు లేక, బిల్లూ లేకపోతే ఆ మందు గుర్తు తెలియని మందే. తెల్లగా, గుండ్రంగా, మధ్యలో గీతతో ఉండే మాత్రలు వందల రకాలు. రంగు చూసి, "ఇది బీపీ మాత్రలా ఉంది" అనడం వద్దు. కొన్న షాపుకే తీసుకెళ్లి చూపించమనాలి.

తేదీలో నెల, సంవత్సరం మాత్రమే ఉంటే, ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చని అర్థం. `EXP 04/2026` అంటే 2026 ఏప్రిల్ 30 దాకా. పక్కనే ఉండే `MFG` తయారీ తేదీ. మసక ఫొటోలో ఈ రెండూ తారుమారవుతాయి. రెండు తేదీలూ దొరికితే వాటిలో తర్వాత వచ్చే తేదీ ఎక్స్‌పైరీ. ఒక్కటే దొరికితే అది ఏదో తేలేదాకా నమ్మొద్దు.

సమస్య: పేరు తెలిసింది, అంకె మీద అనుమానంగా ఉంది

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడ. థైరాయిడ్‌కి వాడే లీవోథైరాక్సిన్ తీసుకోండి. ఇది 12.5 మైక్రోగ్రాముల మాత్రగానూ దొరుకుతుంది, 125 మైక్రోగ్రాముల మాత్రగానూ దొరుకుతుంది. మధ్యలో ఉన్నది ఒక్క చుక్క. రేకు మీద చిన్న మడత పడినా, ఫొటో కుదించుకుపోయినా ఆ చుక్క మాయమవుతుంది. ఫొటోలోంచి అక్షరాలను కాపీ చేసుకునే సౌకర్యం వాడితే అది కూడా చుక్కను వదిలేసి 125 అని రాసి ఇవ్వొచ్చు. తేడా పది రెట్లు. గుండె జబ్బున్న పెద్దవాళ్లకి ఆ తేడా గుండె దడతో మొదలై చాలా దూరం వెళ్తుంది.

సరిచూసుకునే పద్ధతి ఏమిటంటే, మందు బలం స్ట్రిప్ మీద సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి పెద్ద అక్షరాల బ్రాండు పేరు పక్కన. రెండోది చిన్న అక్షరాల్లో, ఒక్కో మాత్రలో ఏముందో చెప్పే వరసలో. ఆ చిన్న వరసే అసలైనది. రెండు చోట్లా విడివిడిగా చదివి, కాగితం మీద రాసి, పోల్చండి. ముందు 125 అనీ వరసలో 12.5 అనీ వస్తే ఒకచోట చుక్క పోయిందన్నమాట. ఏది సరైనదో మీరు తేల్చకుండా, ఆ వరస ఒక్కదాన్నే నింపేలా ఇంకో ఫొటో అడగండి. అంకె వెనక ఉన్న `mg`, `mcg` కూడా అలాగే చూడాలి. మొదటిది మిల్లీగ్రాము, రెండోది అందులో వెయ్యో వంతు. మసకలో మధ్య `c` కనబడకపోవడం చాలా తేలిక. లీవోథైరాక్సిన్ మాత్ర మీద మిల్లీగ్రాముల్లో 50 అని చదివారంటే అది మీరు తప్పు చదివినట్టే, అలాంటి మాత్ర ఉండదు.

పేరు పక్క అంకె, వరసలో అంకె కలవకపోవడం ప్రతిసారీ ఫొటో లోపం కాదు. అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన యాంటీబయాటిక్ మీద 625 అని ఉంటుంది. వరస చదివితే అమాక్సిసిలిన్ 500, క్లావులానిక్ యాసిడ్ 125 మిల్లీగ్రాములు. ముందున్నది రెండిటి మొత్తం. అలాగే బ్రాండు పేరు చివర ఒక ఇంగ్లిష్ అక్షరం తోడైతే మందే మారిపోతుంది. టెల్మిసార్టాన్ 40 ఒక్కటే ఉన్న బీపీ మాత్ర, అందులోనే ఆమ్లోడిపిన్ 5 కలిసిన మాత్ర దాదాపు ఒకే పేరుతో, ఒకే రంగు రేకుతో పక్కపక్కన దొరుకుతాయి. అందుకే బ్రాండు పేరు కాకుండా వరసలో ఉన్న మందుల పేర్లు రాసుకోవాలి. అమెరికాలో ఉండి అక్కడి ఫార్మసిస్టును అడిగేవాళ్లకి ఇది మరీ అవసరం, మన బ్రాండులు వాళ్లకి తెలియవు. అక్కడ పారాసిటమాల్‌ను అసిటమినోఫెన్ అంటారు, రెండూ ఒకటే మందు. తెలియక రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది.

సమస్య: అంతా సరిగ్గా చదివారు, ఎన్ని వేసుకోవాలో మాత్రం లేదు

చాలా స్ట్రిప్‌ల మీద మోతాదు అన్న చోట "డాక్టరు చెప్పినట్టు" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ ముక్క ఒకటే ఉంటుంది. స్ట్రిప్ చెప్పేది ఒక్క మాత్రలో ఎంత మందుందో. మనిషికి ఎంత కావాలన్నది జబ్బు, వయసు, బరువు, కిడ్నీలు, పక్కన వాడుతున్న మందులు కలిసి తేలుస్తాయి.

మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాముల స్ట్రిప్ ఫొటో వచ్చిందనుకోండి. పేరు స్పష్టం, అంకె స్పష్టం, తేదీ ఉంది. బీపీ, షుగర్ మాత్రల అలవాటుతో ఎవరికైనా "రోజుకొకటి" అనే నోటికొస్తుంది. కీళ్లవాతానికి ఈ మందును వారానికి ఒక్కరోజే ఇస్తారు. రోజూ వేసుకుంటే వారానికి ఏడు రెట్లవుతుంది. నోట్లో పుళ్లు, జ్వరం మొదలై, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ దెబ్బతిని ప్రాణం పోవచ్చు, ఇలా పోయినవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. స్ట్రిప్ ఎంత బాగా చదివినా ఈ "వారానికి" అన్న మాట దాని మీద దొరుకుతుందన్న నమ్మకం లేదు. అది మందుల చీటీలో ఉంటుంది.

ఫార్మసిస్టు చీటీనీ స్ట్రిప్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తారు. చీటీలో 15 అని ఉండి చేతిలో 10 మాత్రలుంటే, 10కి ఒక 5 కలపాలని చెబుతారు. మీకు తట్టని ప్రశ్నలు అడుగుతారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి వేరే డాక్టరు కోట్రైమోక్సజోల్ రాశారా? మెథోట్రెక్సేట్‌తో అది కలిస్తే మజ్జకు ప్రమాదం. క్రియాటినిన్ ఎంత? కిడ్నీలు మందగిస్తే ఈ మందు ఒంట్లోనే పేరుకుపోతుంది. తేడా కనిపిస్తే వాళ్లు మోతాదు మార్చరు, డాక్టరుకి ఫోన్ చేస్తారు. ఆ ఆపడమే మీకు కావాల్సింది.

షాపులో కౌంటరు దగ్గరున్న ప్రతివాళ్లూ ఫార్మసిస్టులు కారు. "ఫార్మసిస్టు గారు ఉన్నారా అండీ?" అని అడగండి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ షాపులో పెట్టి ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడించేటప్పుడు వరసలోని మందు పేరు, బలం, చీటీ ఫొటో, మనిషి వయసు, బరువు, కిడ్నీ, లివర్ సమస్యలు, ఏ మందు పడదో, ఇంట్లో వాడుతున్న మిగతా స్ట్రిప్‌లన్నీ ముందే దగ్గర పెట్టుకోండి. జలుబు మాత్ర, నొప్పి మాత్ర కూడా ఆ లెక్కలోవే, వాటిలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది.

సమస్య: తప్పు మోతాదు ఇప్పటికే వేసేసుకున్నారు

ఒంట్లో బాగానే ఉందని ఎదురుచూడొద్దు. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు, లివర్ దెబ్బతినడం ఆ తర్వాత బయటపడుతుంది. వాంతి చేయించొద్దు. స్ట్రిప్‌లో ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టి, ఏ టైముకి వేసుకున్నారో రాసి, 108కి ఫోన్ చేయండి లేదా దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఖాళీ స్ట్రిప్‌ను పారేయకుండా వెంట తీసుకెళ్లాలి, అక్కడి డాక్టరుకి ఫొటో కన్నా అసలు రేకే ఎక్కువ పనికొస్తుంది.