మెడలో గడ్డ, గళ్లలో నెత్తురు చార: ముక్కు వెనక వెతకాల్సిన క్యాన్సర్

సమస్య: నొప్పి లేని గడ్డ, మందులు వాడినా తగ్గదు

చెవి తమ్మె కింద, దవడ మూలకు కాస్త వెనగ్గా ఒక గడ్డ. గడ్డం గీసుకుంటుంటే చేతికి తగిలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. వారం రోజులు యాంటీబయాటిక్ వాడినా అలాగే ఉంది. మన దగ్గర ఇలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం ఇన్‌ఫెక్షన్‌వో టీబీవో అవుతాయి. కానీ మూడు వారాలు దాటినా తగ్గకపోతే, గట్టిపడుతూ పెరుగుతుంటే, కింది మూడు ప్రశ్నలు వేసుకోండి.

పొద్దున లేచి ముక్కు వెనక్కి లాగి ఉమ్మినప్పుడు గళ్లలో ఎర్రటి చార కనిపిస్తోందా? గడ్డ ఉన్న వైపు చెవి, నీళ్లు పోయినట్టు దిబ్బడేసి ఉంటోందా? ముక్కు ఒకవైపే మూసుకుపోతోందా?

వీటిలో ఒక్కదానికి అవునన్నా నాసోఫారింక్స్ చూపించుకోవాలి. ముక్కు రంధ్రాలు వెనక్కి వెళ్లి గొంతులో కలిసే చోటు అది. అంగిలి దానికి అడ్డంగా ఉంటుంది కాబట్టి నోరు తెరిపించి టార్చి వేస్తే కనపడదు. "గొంతు చూశారు, ఏమీ లేదన్నారు" అని ఇంటికి వచ్చేసేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ముక్కులోంచి రక్తం విషయంలో భయపడే ముందు ఒక తేడా గమనించండి. ఎండకో, గిల్లుకుంటేనో, బీపీ వల్లనో వచ్చే రక్తం ముందుకు ధారగా కారుతుంది. ఈ క్యాన్సర్‌లో చాలాసార్లు రక్తం బయటికి రాదు, వెనక్కి జారి గళ్లలో కలుస్తుంది. కొద్దిగానే వస్తుంది, కానీ రోజుల తరబడి వస్తుంది. పదిహేనేళ్ల మగపిల్లాడికి ఒకవైపు నుంచి పదేపదే ధారగా పోతుంటే మాత్రం యాంజియోఫైబ్రోమా అనే వేరే గడ్డను అనుమానించాలి. స్కాన్ తీయకుండా దాన్ని ముక్క తీస్తే రక్తం ఆపడం కష్టం.

కారణం: వైరస్ ఒక్కటే కాదు

ముక్కు వెనక గోడలో చెవి గొట్టం తెరుచుకునే చోటు పక్కనే చిన్న గుంట ఉంది. క్యాన్సర్ ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. గొట్టం మూసుకుపోతే చెవి దిబ్బడ. పైపొర పుండైతే నెత్తురు చార. ఆ చోట లింఫు నాళాలు దట్టంగా ఉంటాయి కాబట్టి, అసలు గడ్డ ముక్కుకు ఏ ఇబ్బందీ కలిగించకముందే మెడ గ్రంథులు ఉబ్బుతాయి. అందుకే చాలామందికి మొదట తెలిసేది మెడలోనే.

ఈ క్యాన్సర్ కణాల్లో ఎప్‌స్టీన్ బార్ వైరస్, అంటే ఈబీవీ దొరుకుతుంది. 1964లో ఆఫ్రికా పిల్లలకు వచ్చే లింఫోమా అనే క్యాన్సర్ కణాల్లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు దీన్ని కనిపెట్టారు. ఉమ్మి ద్వారా పాకే ఈ వైరస్ ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా పెద్దవాళ్ల ఒంట్లో జీవితాంతం నిద్రపోతూ ఉంటుంది. మరి అందరికీ క్యాన్సర్ ఎందుకు రాదు? దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ ప్రాంతాల్లో ఇది ఎంత ఎక్కువంటే దీన్ని క్యాంటన్ క్యాన్సర్ అనేవారు. అక్కడి వంశపారంపర్య జన్యువులు, చిన్నప్పటినుంచి తినే ఉప్పు చేప, దానికి తోడు వైరస్ కలిస్తేనే ఆ లెక్క. మన దేశంలో నాగాలాండ్, మణిపూర్ వంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. తెలుగు రాష్ట్రాల్లో అరుదు, అందుకే ఆలస్యంగా గుర్తుకొస్తుంది.

దీన్నిబట్టి ఒక పొరపాటు దిద్దుకోవాలి. ఈబీవీ యాంటీబాడీ పరీక్ష చేయించి "పాజిటివ్ వచ్చింది" అని కంగారు పడకండి. ఐజీజీ అనే సాధారణ యాంటీబాడీ దాదాపు అందరికీ పాజిటివే. పనికొచ్చేది రక్తంలో వైరస్ డీఎన్ఏ లెక్క. హాంకాంగ్‌లో ఏ లక్షణమూ లేని సుమారు 20,000 మంది మగవాళ్లకు ఆ పరీక్ష చేస్తే 34 మందికి క్యాన్సర్ బయటపడింది. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో నూటికి 71 మంది మొదటి రెండు దశల్లోనే దొరికారు. మామూలుగా అక్కడ అంత తొందరగా దొరికేది నూటికి 20 మందే. జబ్బు అరుదైన చోట మాత్రం అందరికీ ఈ పరీక్ష చేయడంలో అర్థం లేదు.

పరిష్కారం: ముందు చూడండి, తర్వాత కోయండి

నా గట్టి మాట ఒక్కటే. మెడ గడ్డను కోసి తీసేయడానికి ఒప్పుకునే ముందు, ముక్కులోకి ఎండోస్కోపీ చేయమని అడగండి. మత్తు స్ప్రే కొట్టి సన్నటి కెమెరా గొట్టం పెడతారు, కొన్ని నిమిషాల పని. గడ్డకు ముందు సూదితో పరీక్ష, అంటే ఎఫ్‌ఎన్‌ఏసీ చాలు. ముందే కోస్తే మెడలో క్యాన్సర్ చెల్లాచెదురై, తర్వాతి వైద్యం చిక్కుల్లో పడొచ్చు. ఈ క్యాన్సర్ గ్రంథుల్లోనూ టీబీలో కనిపించే గ్రాన్యులోమాలు అనే కణాల గుంపులు ఒక్కోసారి ఉంటాయి. కాబట్టి టీబీ మందులు మొదలుపెట్టాక గడ్డ పెరుగుతూనే ఉంటే రిపోర్టును మళ్లీ చూపించాలి.

హాంకాంగ్‌లో 45 ఏళ్ల మనిషి ఒకాయన ఉన్నాడనుకుందాం. ఎడమ మెడలో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ, ఎడమ చెవి దిబ్బడ. ఎండోస్కోపీలో ఎడమ గుంట ఉబ్బి కనిపించింది. అక్కడినుంచి తీసిన ముక్కలో క్యాన్సర్, దాని కణాల్లో వైరస్ గుర్తు. ఎంఆర్ఐలో పుర్రె ఎముక బాగానే ఉంది, గడ్డ పక్కనున్న కొవ్వులోకి మాత్రం కొద్దిగా పాకింది. రక్తంలో వైరస్ డీఎన్ఏ మిల్లీలీటరుకు 1,500 కాపీలు. ఇది తక్కువ ముప్పు రకం.

పుర్రె అడుగున ఉండే ఈ చోటికి కత్తి చేరడం కష్టం. పైగా ఈ కణాలు రేడియేషన్‌కు బాగా లొంగుతాయి. అందుకే మొదటి వైద్యం ఆపరేషన్ కాదు, ఐఎంఆర్‌టీ అనే రేడియేషన్. గ్రే అనేది రేడియేషన్ కొలత; సుమారు 70 గ్రే డోసును 33 సిట్టింగులుగా, వారానికి ఐదు రోజులు, ఆరున్నర నుంచి ఏడు వారాలు ఇస్తారు. ఇలాంటి తక్కువ ముప్పు రోగులకు రేడియేషన్ ఒక్కటి ఇచ్చినా, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కలిపినా మూడేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు రెండు వైపులా నూటికి తొంభై మంది అని చైనా పరిశోధనలో తేలింది. గ్రంథులు పెద్దవైతే, పుర్రెలోకి పాకితే మాత్రం కీమో తప్పదు. ముందు జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్, ఆ తర్వాత రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ ఇస్తారు.

మధ్యలో తలెత్తే ఇబ్బందులు

మొదలుకు ముందే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పీకాల్సిన పళ్లు అప్పుడే పీకించి, గాయం మానడానికి రెండు వారాలు ఆగాలి. రేడియేషన్ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకుండా చచ్చిపోయే ప్రమాదముంది.

తలకు కదలకుండా ప్లాస్టిక్ మాస్క్ పోస్తారు. మూడో వారానికి నోటిలో పుళ్లు, రుచి పోవడం, ఉమ్మి ఎండిపోవడం మొదలవుతాయి. అన్నం సహించదు, బరువు తగ్గుతుంది. అప్పుడు మాస్క్ వదులై బుగ్గ పక్కన సందు కనిపిస్తే వెంటనే టెక్నీషియన్‌కు చెప్పండి. తల అందులో కదిలితే కిరణాలు తప్పిన చోట పడతాయి కాబట్టి కొత్త మాస్క్, కొత్త ప్లాన్ కావాల్సి రావచ్చు. మెత్తగా ఉడికిన పెరుగన్నం, జావ, గుడ్డు, అదీ దిగకపోతే ముక్కు గొట్టం. పుళ్లు తట్టుకోలేక సొంతంగా వారం మానేస్తే క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. నొప్పి మందు పెంచమని అడగండి, సిట్టింగ్ మాత్రం మానొద్దు.

అయిపోయాక ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు ఎండోస్కోపీ, స్కాన్, మళ్లీ వైరస్ డీఎన్ఏ. లెక్క సున్నాకు రాకపోతే ఎక్కడో జబ్బు మిగిలిందేమో వెతకాలి. నోరు తెరిచే వ్యాయామం రోజూ చేయకపోతే దవడ బిగుసుకుపోతుంది. మెడలో రేడియేషన్ పడినవాళ్లకు నెమ్మదిగా థైరాయిడ్ తగ్గుతుంది కాబట్టి ఏడాదికోసారైనా టీఎస్‌హెచ్ చేయించాలి. నాలుగైదేళ్లయ్యాక నీరసం, చలి, ఒళ్లు బరువు అంటే జబ్బు తిరగబెట్టిందని బెంబేలు పడకముందు ఆ పరీక్ష చూడండి.