అవతలి మెషిన్ ఏది? మెసేజ్ మెసేజ్‌కీ మారే అంచనా
చాట్‌లో సాంకేతిక సాయం: 4వ పాఠం

కిందటి పాఠంలో ఒక్కో ఆనవాలును విడిగా చదవడం నేర్చుకున్నాం. అవతలి వ్యక్తి వాడిన ఒక పదం, అతికించిన ఒక ఎర్రర్, ఒక ఫైల్ దారి చూసి అతను విండోస్‌లో ఉన్నాడా, మ్యాక్‌లో ఉన్నాడా, లినక్స్‌లో ఉన్నాడా అని ఊహించాం. కానీ అసలు సంభాషణలో ఆనవాళ్లు ఒకేసారి రావు. ఒకటి ఇప్పుడు, ఇంకొకటి పది నిమిషాల తర్వాత వస్తుంది. వాటన్నిటినీ ఎలా కూడాలి, ఏ మెసేజ్ దగ్గర ఎంత నమ్మాలి అన్నదే ఈ పాఠం.

"మీది ఏ సిస్టమ్ అండీ?" అని ముందే అడిగితే పోదా అనిపిస్తుంది. అడగొచ్చు, అడగాలి కూడా. కానీ వచ్చే జవాబు "ల్యాప్‌టాప్" అనో, కంపెనీ పేరో కావచ్చు. ఒక్కోసారి జవాబు నిజమే అయినా సగమే చెబుతుంది. కింది ఉదాహరణలో జరిగేది అదే.

లెక్క పద్ధతి చాలా చిన్నది. మొదట ఒక్కో ప్లాట్‌ఫామ్‌కు ఒక వాటా ఇస్తాం. ఆనవాలు వచ్చినప్పుడల్లా ఒకే ప్రశ్న వేసుకుంటాం: ఈ మాట విండోస్ మనిషి నోట ఎంత సహజం, మ్యాక్ మనిషి నోట ఎంత, లినక్స్ మనిషి నోట ఎంత? ఆ నిష్పత్తితో వాటాలను గుణిస్తాం. శాతం కావాలంటే మొత్తంతో భాగిస్తాం. ఈ నిష్పత్తిని ఇకపై బరువు అందాం. మూడింటికీ ఒకే బరువు పడే మాట ఎంత పొడుగ్గా ఉన్నా అంచనాను కదపదు.

మన ఉదాహరణకు విండోస్ 6, మ్యాక్ 3, లినక్స్ 1 అని మొదలుపెడదాం. ఇవి నేను పెట్టుకున్న అంకెలు. మీ దగ్గరికి సాయం కోసం వచ్చేవాళ్లను బట్టి మీ అంకెలు మీరు పెట్టుకోండి.

మొదటి మెసేజ్: "నా పైథాన్ స్క్రిప్ట్ రన్ చేస్తే `FileNotFoundError` వస్తోందండి." ఈ ఎర్రర్ పైథాన్ ఉన్న ప్రతిచోటా ఇలాగే వస్తుంది. వాటాలు కదలవు. కొత్తవాళ్లు ఇక్కడే తొందరపడి, ప్రోగ్రామింగ్ చేస్తున్నాడు కాబట్టి లినక్స్ అయి ఉంటుందని అనుకుంటారు. అలాంటి బరువు ఏదైనా ఉంటే దాన్ని మొదటి వాటాల్లోనే కలపాలి. మళ్లీ ఇక్కడ వేస్తే ఒకే కారణాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

రెండో మెసేజ్: "`python3 main.py` అని కొట్టాను." విండోస్‌లో ఎక్కువమంది `python` అనో `py` అనో కొడతారు. `python3` అని కొట్టేది మామూలుగా మ్యాక్, లినక్స్ వాళ్లు. అయినా విండోస్‌లో అది అసాధ్యం కాదు, వాళ్లు చదివిన పాఠంలో అలా ఉండి ఉండొచ్చు. బరువు 1 : 4 : 4. వాటాలు 6 : 12 : 4 అయ్యాయి, అంటే సుమారు 27, 55, 18 శాతం. మొదట ముందున్న విండోస్ ఒక్క మెసేజ్‌తో వెనక్కి వెళ్లింది.

మూడో మెసేజ్: "టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాను." టెర్మినల్ అనే మాట ఒకప్పుడు మ్యాక్ వైపో లినక్స్ వైపో గట్టిగా చూపేది. ఇప్పుడు విండోస్ 11లో ఆ పేరుతోనే అప్లికేషన్ ఉంది కాబట్టి బరువు తగ్గింది. విడిగా వస్తే రెండింతలు ఇవ్వొచ్చు. కానీ ఇది విడిగా రాలేదు. `python3` అని కొట్టే అలవాటున్నవాళ్లే టెర్మినల్ అనీ అంటారు, ఆ రెండూ ఒకే అలవాటులోంచి వస్తాయి. అందుకే 1 : 1.5 : 1.5 చాలు. వాటాలు 6 : 18 : 6. మ్యాక్ 60 శాతం.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే పొడుగాటి సంభాషణల్లో అంచనా చెడేది ఎక్కువగా ఇలాంటి చోటే. ఒకే జాతి ఆనవాళ్లు ఐదు వచ్చాయని ఐదుసార్లు గుణిస్తే నమ్మకం 99 శాతానికి ఎగబాకుతుంది, కానీ నిజంగా తెలిసింది ఒక్క సంగతే. పరీక్ష సులభం: ముందు వచ్చిన ఆనవాలు చూశాక ఈ రెండోది రావడం మీకు ఆశ్చర్యం కలిగించిందా? లేదంటే దాని బరువును 1కి దగ్గరగా ఉంచండి.

60 శాతం దగ్గర ఏం చేయాలి? "ఫైండర్ తెరవండి" అని మాత్రం చెప్పకూడదు. తప్పయితే అవతలి మనిషి లేనిదాన్ని వెతుక్కుంటూ టెన్షన్ పడతాడు, మన మీద నమ్మకమూ పోతుంది. ఎక్కువ చోట్ల పనిచేసే మెట్టు చెప్పాలి, దాని జవాబులోనే కొత్త ఆనవాలు దొరికేలా చూడాలి. `ls` అలాంటిది. మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ, విండోస్ పవర్‌షెల్‌లోనూ పనిచేస్తుంది. పాత కమాండ్ ప్రాంప్ట్‌లో పనిచేయదు, అప్పుడు వచ్చే ఎర్రరే విండోస్ అని చెప్పేస్తుంది.

నాలుగో మెసేజ్: "`ls` కొడితే `Data.csv` కనిపిస్తోంది, కోడ్‌లో `data.csv` అని ఉంది, అయినా దొరకట్లేదంటోంది." ఇది మంచి ఆనవాలు, పైగా అతను తెలియకుండా ఇచ్చినది. విండోస్, మ్యాక్ మామూలు అమరికలో ఫైల్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోవు. `data.csv` అని అడిగినా `Data.csv` తెరుచుకుంటుంది. లినక్స్ ఆ రెంటినీ వేరు ఫైళ్లుగా చూస్తుంది. మరి బరువు యాభై ఇవ్వొచ్చా? వద్దు. ఫైల్ దొరకకపోవడానికి వేరే కారణం ఉండొచ్చు: స్క్రిప్ట్ ఇంకో ఫోల్డర్‌లో వెతుకుతూ ఉండొచ్చు, మ్యాక్ డిస్క్‌ను ఎవరో అక్షర తేడా పట్టించుకునేలా ఫార్మాట్ చేసి ఉండొచ్చు. 1 : 1 : 5 వేద్దాం. వాటాలు 6 : 18 : 30. లినక్స్ 56 శాతంతో ముందుకొచ్చింది.

ముందున్నది రెండుసార్లు మారింది. ఇది లెక్క తడబాటు కాదు. ఇంతవరకు ఏ ఆనవాలూ నిర్ణయించేంత గట్టిది కాదని అర్థం, అంతే. కాబట్టి ఇప్పుడు గట్టిదాన్ని అడగాలి: "ఎర్రర్ మొత్తం, మొదటి లైను నుంచి అతికించండి." సమస్య కోసమే అడిగినట్టుంటుంది, నిజంగా సమస్యకూ అవసరమే.

ఐదో మెసేజ్‌లో ఇది వచ్చింది:

```
File "/home/user/work/main.py", line 3, in <module>
```

`/home/` కింద యూజర్ ఫోల్డర్ ఉండటం లినక్స్ పద్ధతి. మ్యాక్‌లో అది `/Users/`, విండోస్‌లో `C:\Users\`. మెషిన్ తానే రాసిన దారి కాబట్టి మనిషి వాడిన పదం కంటే దీన్ని ఎక్కువ నమ్మొచ్చు. బరువు 1 : 1 : 50. వాటాలు 6 : 18 : 1500. లినక్స్ 98 శాతం.

చాలామంది ఇక్కడ లెక్క ఆపేస్తారు. అప్పుడు ఆరో మెసేజ్ వచ్చింది: "ఇప్పుడే ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశాను, అయినా అంతే."

డెస్క్‌టాప్ ఎక్సెల్ విండోస్‌కూ మ్యాక్‌కూ ఉంది, లినక్స్‌కు లేదు. బ్రౌజర్‌లో వాడే ఎక్సెల్ ఉంది కాబట్టి అసాధ్యం అనలేం, అయినా ఇది లినక్స్‌కు గట్టిగా ఎదురు తిరిగే ఆనవాలే. 98 శాతం దాటాక ఇలాంటిది వస్తే దాన్ని పక్కన పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకూడదు. రెండు గట్టి ఆనవాళ్లు ఒకదానికొకటి ఎదురు నిలిస్తే తప్పు ఆనవాళ్లలో ఉండటం అరుదు. మన జాబితాలో ఒక గడి లేకపోవడమే మామూలుగా అసలు కారణం.

ఆ నాలుగో గడి పేరు "రెండూ". విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్, మ్యాక్ నుంచో విండోస్ నుంచో ఎస్ఎస్‌హెచ్‌తో చేరిన దూరపు సర్వర్, వర్చువల్ మెషిన్, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. దీనికి మొదట్లోనే 0.5 ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో చూద్దాం. టెర్మినల్ వైపు ఇది లినక్స్ లాగే ప్రవర్తిస్తుంది కాబట్టి అవే బరువులు పడతాయి: 0.5 నుంచి 2, 3, 15, చివరికి 750. ఐదో మెసేజ్ తర్వాత లినక్స్ 1500, రెండూ 750. అంటే నిజానికి లినక్స్ 98 కాదు, 66 శాతమే. గడి లేకపోవడం వల్ల పుట్టిన ధీమా అది.

ఇప్పుడు ఎక్సెల్‌కు లినక్స్‌తో పోలిస్తే మిగతా మూడింటికీ 20 బరువు వేద్దాం. విండోస్ 120, మ్యాక్ 360, లినక్స్ 1500, రెండూ 15000. నాలుగో గడి 88 శాతం. అందుకే మొదటి మెసేజ్ నుంచీ ఆ గడికి చిన్న వాటా ఉంచాలి. సున్నాను ఎన్నిసార్లు గుణించినా సున్నాయే.

ఎదురు ఆనవాళ్లకు ఇంకో వివరణ కూడా ఉంది: మనిషి మధ్యలో మెషిన్ మార్చాడు. ఈ రెంటినీ వేరుచేయడానికి ఆనవాళ్లు వచ్చిన వరుస చూడండి. ఒక సమయం వరకు అన్నీ ఒకవైపు, ఆ తర్వాత అన్నీ ఇంకోవైపు ఉంటే మెషిన్ మారింది, పాత వాటాలు వదిలేసి మొదటి నుంచి లెక్కపెట్టాలి. రెండు రకాలూ కలగలిసి వస్తుంటే రెండూ ఒకేసారి నడుస్తున్నాయి. మన ఉదాహరణలో అతను అదే ఫైల్‌ను ఇటు పైథాన్‌తోనూ అటు ఎక్సెల్‌తోనూ తాకుతున్నాడు, కాబట్టి కలగలుపే.

88 శాతం ఉంది కాబట్టి నేరుగా తేల్చే ప్రశ్న వేయొచ్చు: "`uname -r` కొట్టి ఏమొస్తుందో చెప్పండి."

```
5.15.153.1-microsoft-standard-WSL2
```

ఇది డబ్ల్యూఎస్ఎల్. ఇక లెక్క అక్కర్లేదు.

ఇది తేలడం వల్ల చెప్పాల్సిన సలహా మారింది. ఉత్త లినక్స్ అనుకుని ఉంటే `mv Data.csv data.csv` చెప్పి వదిలేసేవాళ్లం. ఎర్రర్ పోయేది, కానీ మరో సమస్య మిగిలిపోయేది. అతను ఎక్సెల్‌లో తెరిచింది విండోస్ వైపు డౌన్‌లోడ్స్‌లో ఉన్న కాపీ కావచ్చు, స్క్రిప్ట్ చదివేది `/home/` కింద ఉన్న కాపీ. ఇక ఎక్సెల్‌లో ఎంత మార్చినా ఫలితం మారదు. అందుకని పేరు మార్చమని చెబుతూనే "ఎక్సెల్‌లో తెరిచిన ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉంది?" అని కూడా అడగాలి. విండోస్ డ్రైవ్ అతని లినక్స్ వైపు నుంచి `/mnt/c/` కింద కనిపిస్తుందని చెబితే రెండు కాపీలనూ తనే పోల్చుకుంటాడు.

బరువుల గురించి ఒక మాట. 4 అన్నా, 5 అన్నా ఇవి కొలిచి తెచ్చినవి కావు, మన అనుభవంలోంచి వేసినవి. 4 బదులు 3 వేసి చూడండి, చివరి నిర్ణయం మారదు. మారితే, ఆ నిర్ణయం ఒకే బలహీన ఆనవాలు మీద ఆధారపడిందన్నమాట, ఇంకో ప్రశ్న అడగాలి. బరువులకు వయసు కూడా ఉంటుంది. `zsh: command not found` చూడగానే మ్యాక్ వైపు మొగ్గడం 2019 తర్వాతి అలవాటు, మ్యాక్‌లో మామూలు షెల్‌గా జెడ్‌షెల్ వచ్చింది ఆ ఏడాదే. అంతకు ముందు మ్యాక్ మనిషి అతికించే ఎర్రర్ కూడా ఎక్కువగా `bash` తోనే మొదలయ్యేది.

అభ్యాసం: ఇవే మొదటి వాటాలు, "రెండూ" గడికి 0.5. మెసేజ్‌లు వరుసగా: "నోడ్ ఇన్‌స్టాల్ చేశాను, కమాండ్ పనిచేయట్లేదు." తర్వాత `bash: npm: command not found`. తర్వాత "`pwd` కొడితే `/c/Users/` అని మొదలవుతోంది." చివరగా "టాస్క్‌బార్‌లో ఐకాన్ ఉంది కదా, అక్కడి నుంచే తెరిచాను." ఒక్కో మెసేజ్ తర్వాత వాటాలు రాయండి. రెండో మెసేజ్ మిమ్మల్ని ఎటు లాగింది, మూడోది ఎటు తిప్పింది, `/c/` కూ `/mnt/c/` కూ తేడా ఏం చెబుతుంది, ఈ మూడూ రాసి పెట్టుకోండి. 5వ పాఠం ఆ జవాబులతోనే మొదలవుతుంది.