“గుర్తుంచుకుంటాను” అన్న చాట్‌బాట్‌ను అక్కడే పరీక్షించండి

మా అబ్బాయికి వేరుశనగ పడదు. టిఫిన్ బాక్సుకి వంటలు అడుగుతూ ఆ సంగతి ఒక చాట్‌బాట్‌కి చెప్పాను. “సరే, ఇకపై గుర్తుంచుకుంటాను” అంది. వారం తర్వాత కొత్త చాట్‌లో పచ్చడి అడిగితే మొదటి వరుసలోనే పల్లీలు!

అది కావాలని అబద్ధమాడలేదు. మనుషులు రాసిన మాటల్లో ఎవరైనా ఇలా చెబితే “గుర్తుంచుకుంటాను” అనడం మామూలే కదా, చాట్‌బాట్‌ను నడిపే AI మోడల్ కూడా వాటి నుంచే నేర్చుకుంది కాబట్టి అదే జవాబు అల్లుతుంది. మనం మాట్లాడినంత మాత్రాన మోడల్ అప్పటికప్పుడు మారదు. ఆ చాట్‌లో ఉన్నంతవరకు పైన రాసినదంతా ఒక కాగితంలా దాని ముందు ఉంటుంది కాబట్టి గుర్తున్నట్టే అనిపిస్తుంది. కొత్త చాట్ తెరిస్తే ఆ కాగితం ఖాళీ.

కొన్ని యాప్‌లలో మెమరీ సౌకర్యం ఉంటుంది. అదీ మోడల్ బుర్రలోకి వెళ్లదు. యాప్ మీ గురించి చిన్న నోట్ రాసి దాచి, తర్వాతి చాట్‌లో మోడల్‌కి చూపిస్తుంది. ఆ నోట్ పడకపోతే మాట ఉత్తదే.

అందుకే మాట ఇవ్వగానే సెట్టింగ్స్‌లో మెమరీ తెరిచి ఆ వాక్యం ఉందో లేదో చూడండి. తర్వాత కొత్త చాట్‌లో, అలర్జీ ఊసెత్తకుండా, పచ్చడి ఒకటి అడగండి. పల్లీలు వస్తే నోట్ పడలేదనో, పడినా వాడలేదనో అర్థం. నేనైతే “అబ్బాయికి వేరుశనగ అలర్జీ, పల్లీ నూనె కూడా వద్దు” అన్న వాక్యాన్ని ఫోన్ నోట్స్‌లో పెట్టుకుని, ప్రతి కొత్త చాట్‌లో ముందు దాన్నే అతికిస్తున్నాను. వచ్చిన వంటను మళ్లీ చదివాకే పొయ్యి వెలిగిస్తాను.