కేఫ్‌లో కస్టమర్‌కు అలర్జీ వస్తే రికార్డు ఎలా రాయాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. సాయంత్రం ఒకావిడ గ్రిల్డ్ శాండ్‌విచ్ ఆర్డర్ ఇస్తూ "పల్లీలు నాకు పడవు" అంది. "అందులో ఉండవండీ" అన్నాడు వెయిటర్. సగం తిన్నాక ఆమె పెదాలు వాచాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, గొంతు బొంగురుపోయింది.

ముందు మనిషి, తర్వాతే కాగితం. ఊపిరి ఆడకపోయినా, గొంతు మారినా, కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆమెను లేపి నడిపించకూడదు. పడుకోబెట్టాలి, ఆయాసం ఉంటే కూర్చోబెట్టాలి. తన దగ్గర ఆడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే ఆలస్యం చేయకుండా వేసుకోనివ్వాలి. మామూలు అలర్జీ మాత్ర దానికి బదులు కాదు. ఈలోగా ఇంకొకరు గడియారం చూసి టైమ్‌లు రాసుకుంటే చాలు, అసలు రికార్డు ఆమె ఆసుపత్రికి బయల్దేరాక రాయొచ్చు.

మొదటి పని, ప్లేటు కడగనివ్వకండి. బల్ల తుడిచే అబ్బాయి రెండు నిమిషాల్లో తీసుకెళ్లిపోతాడు, చాలా చోట్ల ఆధారం పోయేది అక్కడే. మిగిలిన ముక్కను, గిన్నెలో ఉన్న చట్నీని విడివిడిగా శుభ్రమైన డబ్బాల్లో పెట్టి, తేదీ, టైమ్, బిల్ నంబర్ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. "వాడొద్దు" అని కూడా రాయండి, లేకపోతే ఆ చట్నీ రాత్రికి ఇంకో ప్లేటులోకి వెళ్తుంది.

తర్వాత టైమ్‌లు. బిల్లింగ్ మెషీన్ గడియారం, సీసీ కెమెరా గడియారం కొన్ని నిమిషాలు తేడాగా ఉంటే ఆ తేడా కూడా రాయాలి. మన ఉదాహరణలో రికార్డు ఇలా ఉంటుంది, ఇందులో కేఓటీ అంటే కిచెన్‌కు వెళ్లే ఆర్డర్ చీటీ:

6:42 – ఆర్డర్, టేబుల్ 5, కేఓటీ 118. వెజ్ గ్రిల్డ్ శాండ్‌విచ్ 1, లెమన్ టీ 1. పల్లీలు పడవని కస్టమర్ చెప్పారు. కేఓటీలో ఆ మాట లేదు.
6:55 – వడ్డించాం.
7:04 – పెదాలు మండుతున్నాయని చెప్పారు. సగం శాండ్‌విచ్ తిన్నారు.
7:07 – మెడ మీద దద్దుర్లు, గొంతు బొంగురు. వెయిటర్ మేనేజర్‌ను పిలిచాడు.
7:09 – మేనేజర్ 108కి ఫోన్ చేశారు.
7:26 – అంబులెన్స్‌లో వెళ్లారు. పదార్థాల జాబితా వెంట వచ్చిన స్నేహితురాలికి ఇచ్చాం.

ఇందులో "పల్లీ అలర్జీ వచ్చింది" అని ఎక్కడా లేదు, గమనించండి. అది డాక్టర్ తేల్చే సంగతి. మనం చూసింది, విన్నది మాత్రమే రాయాలి. అలాగే కేఓటీలో రాయలేదన్న మన తప్పు దాచకూడదు.

ఇక అసలు కష్టం పదార్థాల దగ్గర. మెనూలో ఉన్నది కాపీ చేస్తే రికార్డు ఎందుకూ పనికిరాదు. ఆ రోజు, ఆ ప్లేటులోకి ఏం వెళ్లిందో కావాలి. వంటమనిషిని నిలదీస్తే "రోజూ చేసినట్టే చేశాను" అంటాడు. కేకలు వేయకుండా, "పొద్దున్నుంచి ఏం అయిపోయింది? దాని బదులు ఏం వేశావన్నా?" అని అడగండి. ఇక్కడ తేలింది అదే. గ్రీన్ చట్నీ చిక్కబడటానికి రోజూ వేసే పుట్నాలపప్పు అయిపోతే, గుప్పెడు వేయించిన పల్లీలు వేశాడు. రెసిపీ కార్డులో పల్లీ మాటే లేదు. అతని మాటల్లోనే రాసి సంతకం తీసుకోండి.

బ్రెడ్, బటర్, సాస్ ప్యాకెట్ల లేబుళ్లను బ్యాచ్ నంబర్ కనిపించేలా ఫొటో తీయండి. ఒకే మిక్సీ జార్, ఒకే గ్రిల్, ఒకే కత్తి వేరే వంటకాలకు వాడారా అన్నదీ రాయండి. ఒక్క పల్లీ దగ్గరే ఆగిపోకూడదు. ఫుడ్ సేఫ్టీ లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేపలు, రొయ్యలు-పీతల జాతి, పల్లీలు-జీడిపప్పు-బాదం లాంటివి, సోయా, సల్ఫైట్లు అలర్జీ జాబితాలో ఉన్నాయి. ప్లేటులో ఇవి ఏవేవి ఉన్నాయో ఒక్కొక్కటిగా చూసుకోవాలి.

వెయిటర్ మాట కూడా అన్నట్టే రాయాలి. మన దగ్గర "పడదు" అంటే గ్యాస్ వస్తుందనీ, వేడి చేస్తుందనీ, ప్రాణం మీదికి వస్తుందనీ కూడా. అతను మొదటి అర్థమే తీసుకున్నాడు. "తింటే ఏమవుతుందండీ?" అని ఒక్క ప్రశ్న అడిగి, కిచెన్‌లో కనుక్కుని ఉంటే సరిపోయేది. రికార్డు చివర్లో "ఏం మార్చాం" అన్న చోట ఆ ప్రశ్ననే రాశారు, కేఓటీలో అలర్జీకి ఒక గడి పెట్టారు.

రాసింది తప్పయితే వైట్‌నర్ పూయకుండా, ఒక గీత కొట్టి పక్కన సంతకం చేయండి. ఆమె పేరు, ఫోన్ నంబర్ ఉన్న పేజీని స్టాఫ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి. లక్షణాలు తగ్గాక కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు కాబట్టి మర్నాడు ఒక ఫోన్ చేయాలి. ఆమె చెప్పినది కింద ఇంకో వరుసగా, ఆ రోజు తేదీతో చేరుతుంది.