ముగింపు బయటపడకుండా నవలకు ట్రైలర్ స్క్రిప్ట్ రాయడం ఎలా?

కాగితం మీద మూడు గళ్లు గీయండి: సెకన్లు, కనిపించేది, వినిపించేది. మొత్తం నిమిషం. చదివే మాటలు 70 దాటితే గొంతు పరుగెత్తాల్సి వస్తుంది. చివరి 8 సెకన్లు అట్టకు, రచయిత పేరుకు, పుస్తకం దొరికే చోటుకు వదిలేయండి. పాత్రల ముఖాలు చూపించొద్దు. చేతులు, వస్తువులు చాలు. ముఖాన్ని పాఠకుడే ఊహించుకోవాలి. పాట అసలే వద్దు.

కథలో మొదటి పావు భాగం దాటి ఒక్క సంగతి కూడా తీసుకోకూడదు. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. చెడేది ఆ తర్వాతే.

పర్లాకిమిడి కథ ఒకటి అనుకుందాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సయింది. పర్లాకిమిడిలో ఉన్న ఇల్లు అటు పోయింది, పాతపట్నంలో ఉన్న పొలం మద్రాసు వైపు మిగిలింది. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ ట్రంకుపెట్టె తెరిస్తే దస్తావేజు లేదు. దాన్ని వాళ్ల అప్పే, అంటే అక్కే, పొయ్యిలో పెట్టిందని ఆఖరి అధ్యాయంలో తెలుస్తుంది.

దీనికి చాలామంది రాసే వాక్యం: ‘దస్తావేజు తగలబెట్టిందెవరు?’ ప్రశ్నే కదా అనుకుంటారు. కానీ కాగితం కాలిపోయిందని అక్కడే చెప్పేశారు, ఇక వెతుకులాటకు అర్థం లేదు. నిప్పు, బూడిద చూపించినా అంతే.

అంతకంటే తెలియకుండా జరిగే పొరపాటు క్రియలో ఉంటుంది. ‘తీసిన మనిషి ఇంట్లోనే ఉంది’ అంటే ఆడమనిషని తేలిపోయింది. ఆ ఇంట్లో ఉన్న ఆడది అప్ప ఒక్కతే. ‘ఉన్నాడు’ అంటే అబద్ధం. పుస్తకం ముగించినవాడు మోసపోయానని తిట్టుకుంటాడు. ‘ఉన్నారు’ అని తప్పించుకుంటే పెద్దవాళ్లెవరో అనిపిస్తుంది. మన సరిహద్దు ఊళ్లలో ముందు ఒడియాలో రాసి, తర్వాత తెలుగు చేసేవాళ్లు దీన్ని అస్సలు పట్టించుకోరు. ఒడియా క్రియలో ఆడా మగా తేడా ఉండదు, రహస్యం భద్రంగానే ఉంటుంది. తెలుగులోకి రాగానే ‘-ది’, ‘-డు’ నోరు విప్పేస్తాయి.

మందు ఒక్కటే: కర్తగా మనిషిని తీసేసి వస్తువును పెట్టండి. ‘దస్తావేజు లేదు. పెట్టె తాళం పగల్లేదు. తాళంచెవి మాత్రం ఇంట్లోనే ఉంది.’ ముగ్గురి మీదా సమానంగా అనుమానం పడుతుంది, ఒక్క అక్షరం అబద్ధం లేదు. దీని మీద తాళంచెవి మాత్రమే చూపించండి. గాజుల చెయ్యి పట్టుకున్నట్టు తీశారో, ఇంత శ్రమా వృథా. చదివే గొంతు కూడా అప్ప వయసు ఆడగొంతు కాకూడదు.

రాశాక నవల చదవని ఇద్దరికి వినిపించి, ఎవరు తీసి ఉంటారని అడగండి. ఇద్దరూ తడుముకోకుండా అప్ప పేరే చెబితే, ఏ మాట దగ్గర అలా అనిపించిందో అడిగి ఆ వాక్యాన్ని కొట్టేయండి. దానికి మెరుగులు దిద్దుతూ కూర్చోవద్దు.